పాత ఫ్రిజ్‌కి జీఎస్టీ: మార్జిన్ మీదా, మొత్తం మీదా?

నల్లగొండలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న పాత సరుకుల వ్యాపారి ఒకాయన ఇంటివాళ్ల దగ్గర పాత ఫ్రిజ్ 8,000కు కొని, 11,000కు అమ్మాడనుకోండి. మామూలు పద్ధతిలో 18 శాతం చొప్పున 1,980 కట్టాలి. పాత సరుకు అమ్మేవాళ్లకున్న మార్జిన్ స్కీమ్‌లో అయితే కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా 3,000 మీదే, అంటే 540. గ్యాస్ నింపడానికి పెట్టిన 600 మాత్రం ఆ తేడాలోంచి తీసేయడానికి లేదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నష్టానికి అమ్మితే పన్ను సున్నా, కానీ ఆ నష్టాన్ని ఇంకో ఫ్రిజ్ లాభంలో కలపకూడదు.

అదే ఫ్రిజ్‌ను జీఎస్టీ బిల్లుతో 8,000, పైన 1,440 పన్ను కట్టి కొంటే లెక్క మారుతుంది. మామూలు పద్ధతిలో ఆ 1,440 క్రెడిట్ తీసుకుంటే, అంటే అమ్మినప్పుడు కట్టాల్సిన 1,980లోంచి దాన్ని తగ్గించుకుంటే, చేతి నుంచి కట్టేది 540 మాత్రమే. క్రెడిట్ తీసుకున్న సరుకుకు మార్జిన్ స్కీమ్ వర్తించదు. ఇలాంటప్పుడు నేనైతే మామూలు పద్ధతే ఎంచుకుంటా.