బోరు మోటారు, కోళ్ల షెడ్డు ఇన్సూరెన్స్ తీసుకుంటున్నారా? వైండింగ్ కాలితే అది నిప్పు కింద రాదు, జాగ్రత్త

మోటారుకూ షెడ్డుకూ కలిపి ఇన్సూరెన్స్ చేయించినవాళ్లు, చేయిద్దాం అనుకుంటున్నవాళ్లు ఇది చదవండి. నా క్లెయిం కొట్టేశారు. కాగితం ఇప్పుడే చేతికొచ్చింది, ఒళ్లు మండిపోతోంది, అందుకే ఉన్నది ఉన్నట్టు రాసేస్తున్నా.

ఈ ప్యాకేజీ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. లోను కట్టడానికి వెళ్లినప్పుడో ఎరువుల షాపు దగ్గరో ఏజెంటు కలుస్తాడు, "అన్నా, నిప్పు, కరెంటు, దొంగతనం మూడూ ఇందులోనే, మోటారు, స్టార్టరు, షెడ్డు అన్నీ కవర్" అంటాడు. నేను గుచ్చి గుచ్చి అడిగాను. "కరెంటు తేడా వచ్చి మోటారు కాలితే ఇస్తారా?" అని. "దానికేగా అన్నా తీసుకునేది" అన్నాడు. డబ్బు కట్టాను, రసీదు ఇచ్చాడు, పాలసీ కాగితం మెయిల్‌కు వస్తుందన్నాడు. ఆ మెయిల్ ఐడీ నాది కాదు, వాడిదే. అది తర్వాత తెలిసింది.

ఇక జరిగింది. రాత్రి కరెంటు వచ్చింది, ఆటో స్టార్టర్ కదా, మోటారు దానంతటదే ఆన్ అయింది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయింది. మూడు ఫేజుల మీద నడవాల్సిన మోటారు రెండు ఫేజుల మీద లాగింది. స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉంది, అది ట్రిప్ చేయలేదు. తెల్లారి చూస్తే నీళ్లు లేవు. స్టార్టర్ నొక్కితే గుయ్యిమని మోత, అంతే. చైన్ పుల్లీ పెట్టి పైపు తర్వాత పైపు విప్పుకుంటూ మోటారు పైకి లాగించాం. మెకానిక్ విప్పి చూపించాడు: వైండింగ్ తీగ మీది ప్లాస్టిక్ పొర కరిగి ముద్దయిపోయింది. మూడు ఫేజుల కాయిల్స్‌లో రెండు నల్లగా మాడాయి, మూడోది మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. "ఇది ఫేజు పోయి కాలిందే, ఇంకో మాట లేదు" అన్నాడు. అలా ఒక ఫేజు చెక్కుచెదరకుండా ఉండటమే దానికి గుర్తు. బేరింగ్ పట్టేసి గానీ లోడు ఎక్కువై గానీ కాలితే మామూలుగా మూడూ మాడతాయి. ఇంత స్పష్టమైన కరెంటు లోపం నాకు తెలిసి ఇంకోటి ఉండదు. ఫోటోలు తీశాను, కంపెనీకి ఫోన్ చేశాను, సర్వేయర్ వచ్చి చూసి రాసుకుని వెళ్లాడు. మర్యాదగానే మాట్లాడాడు, అబద్ధం చెప్పను.

అసలు దెబ్బ బ్రాంచి ఆఫీసులో తగిలింది. క్లెయిం ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని వెళ్తే ఏజెంటు కూడా అక్కడే ఉన్నాడు. ఆఫీసర్ ఫైలు తెరిచి నా పాలసీ తీశాడు. నేను ఆ కాగితం మొట్టమొదటిసారి చూసింది అప్పుడే. విభాగాలవారీగా పట్టిక ఉంది. మొదటిది నిప్పు, అందులో షెడ్డుకు ఇంత, పంపుసెట్టుకు ఇంత అని రాసి ఉంది. రెండోది దొంగతనం, అందులోనూ అంకె ఉంది. మూడోది బ్రేక్‌డౌన్, అంటే కరెంటు, మెకానికల్ లోపాలది. దాని ఎదురుగా చిన్న గీత. "ఈ సెక్షన్ మీరు తీసుకోలేదు, ప్రీమియం కట్టలేదు" అన్నాడు ఆఫీసర్. నేను పక్కకు తిరిగి ఏజెంటును అడిగాను, "తమ్ముడూ, కరెంటు కూడా ఉందన్నావు కదా?" అని. వాడు ఫోన్‌లోకి చూస్తూ నిలబడ్డాడు. తల ఎత్తలేదు. అవుననలేదు, కాదనలేదు. ఊళ్లో నాతో కలిసి టీ తాగిన మనిషి, మా షెడ్డు ముందు నిలబడి ఫోటోలు తీసుకున్న మనిషి! ఆ ఒక్క మాట వాడు ఒప్పుకుని ఉంటే నాకు డబ్బు రాకపోయినా ఇంత మంట ఉండేది కాదు. ఆఫీసర్ ఏమో "సంతకం పెట్టేముందు చదువుకోవాలండీ" అన్నాడు. నా చేతికే రాని కాగితాన్ని నేను ఎలా చదవాలి? ఆ మాటే అడిగితే "మెయిల్ పంపాం, మా సిస్టంలో ఉంది" అని పక్కనున్నాయన్ని పిలిచాడు.

సరే, బ్రేక్‌డౌన్ లేదు, నిప్పు సెక్షన్‌లో పంపుసెట్టుకు రాసిన మొత్తం ఉంది కదా, మోటారు కాలిందిగా, అందులో ఇవ్వండి అన్నాను. అప్పుడు చెప్పారు అసలు విషయం. మీ అందరికీ తెలియాల్సింది ఇదే. నిప్పు పాలసీల్లో ఒక మినహాయింపు ఉంటుంది: కరెంటుతో నడిచే ఏ యంత్రమైనా ఓవర్‌లోడు వల్ల, వోల్టేజీ ఎక్కువై, షార్ట్ సర్క్యూట్ అయి, తనంతట తాను వేడెక్కి, కరెంటు లీకై పాడైతే ఆ యంత్రానికి పైసా ఇవ్వరు. పిడుగు వల్ల అలా జరిగినా అంతే. చిన్న వ్యాపారాలకు 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే రకంగా అమ్ముతున్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షలో కూడా ఈ మినహాయింపు ఉంది.

అయితే ఇందులో మనకు పనికొచ్చే ముక్క ఒకటి ఉంది, అది వాళ్లు అడిగితేనే చెప్తారు. ఆ మినహాయింపు ఏ యంత్రంలో లోపం పుట్టిందో దానికే వర్తిస్తుంది, దాని నుంచి పాకిన నిప్పుకు వర్తించదు. ఉదాహరణకు షెడ్డులో ఫ్యాను మోటారు షార్ట్ అయింది, నిప్పురవ్వలు పడి కింద పరిచిన వరిపొట్టు అంటుకుంది, పక్క పరదాలు, కప్పు కాలాయి అనుకోండి. ఆ ఫ్యానుకు రాదు. పరదాలకు, కప్పుకు, మంట తగిలి కాలిన మిగతా ఫ్యాన్లకు, వైరింగుకు రావాలి. "షార్ట్ సర్క్యూట్ కాబట్టి మొత్తం క్లెయిం చెల్లదు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కోళ్లకు, మేతకు మాత్రం షెడ్డు పాలసీలో రాదు, వాటిని విడిగా రాయించాల్సిందే. బోరులో మునిగి ఉన్న మోటారుకు ఇక మంట ఎక్కడిది? అది కాలేది ఎప్పుడూ లోపలే, వైండింగే. అంటే సబ్‌మెర్సిబుల్ మోటారును నిప్పు సెక్షన్‌లో మాత్రమే రాసి డబ్బు తీసుకున్నారంటే, మోటారుకు నిజంగా జరిగేదాన్ని వదిలేసి జరగనిదానికి ప్రీమియం వసూలు చేశారని అర్థం. నాకు కడుపు రగిలేది ఇక్కడే.

బ్రేక్‌డౌన్ ఉన్నవాళ్లకూ ఒక మాట. ప్రభుత్వ రంగ కంపెనీల్లో పంపుసెట్టుకే ప్రత్యేకంగా పాలసీ ఉంది, అందులో నిప్పు, దొంగతనంతో పాటు కరెంటు, మెకానికల్ లోపాలు కూడా వస్తాయి. నాకు అది అమ్మి ఉండాల్సింది. కానీ అందులో కూడా మోటారును బోరులోంచి లాగడం, షాపుకు తీసుకెళ్లడం, మళ్లీ దింపడం, ఈ ఖర్చులు సాధారణంగా మనవే. లోతు బోరైతే ఒక్కోసారి రీవైండింగ్ కన్నా ఇదే ఎక్కువవుతుంది. పాతబడి అరిగిపోయినదానికి ఇవ్వరు, పాలసీ తీసుకునేనాటికే ఉన్న లోపానికి ఇవ్వరు. అన్నిటికన్నా ముఖ్యం, సర్వేయర్ చూడకముందే రీవైండింగ్ చేయించకండి. పంట ఎండుతుంటే ఆగడం ఎంత టెన్షనో నాకు తెలుసు. ఆగలేకపోతే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, మోటారు మీది నెంబరు ప్లేటు, మాడిన కాయిల్స్ కనబడేలా ఫోటోలు తీసి, విప్పిన పాత తీగను సంచిలో కట్టి దాచండి. పాత రాగి తీగను చాలామంది మెకానిక్‌కే వదిలేస్తారు, అది పోతే మీ దగ్గర సాక్ష్యం ఏమీ మిగలదు.

దొంగతనం సెక్షన్ నాకుంది. అయితే అదేం చెప్తుందో కూడా ఆ రోజే అడిగి తెలుసుకున్నా. తాళం పగలగొట్టో, తలుపు విరగ్గొట్టో బలవంతంగా లోపలికి వచ్చిన గుర్తులుంటేనే ఇస్తారట. మన స్టార్టరు బాక్సు పొలంలో స్తంభానికి ఉంటుంది, కేబుల్ బోరు నుంచి బయటికి పాకి ఉంటుంది. కోసుకుపోతే ఏ తలుపు విరిగినట్టు? మోటారు దగ్గర తాళం వేసిన గది ఉండి, అది పగలగొడితే ఒక దారి. బయట ఉన్న కేబుల్, స్టార్టరు పాలసీలో పేరుతో సహా రాసి ఉన్నాయో లేదో, బయట పోతే ఇస్తారో లేదో మీ కాగితంలో చూసుకోండి. పోయిన వెంటనే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి, ఆలస్యమైతే క్లెయింకు అదే అడ్డం కావచ్చు.

నేను కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాను. కాగితం నా మెయిల్‌కు ఎప్పుడూ రాలేదని, ఏజెంటు నోటితో ఏం చెప్పాడో, వాట్సాప్‌లో "అన్నీ కవర్ అవుతాయన్నా" అని పెట్టిన మెసేజ్ ఫోటోతో సహా పంపాను. నెలలోపు సరైన జవాబు రాకపోతే, కంపెనీలతో మనకొచ్చే గొడవలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్తాను. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన రోజు నుంచి ఏడాది లోపు వేయాలి, అంతే. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు, 155255కు ఫోన్ చేసినా తీసుకుంటారు. కొట్టేశాం అని నోటితో చెప్తే ఊరుకోకండి, ఏ నిబంధన కింద కొట్టేశారో కాగితం మీద రాయించుకోండి.

ఇదే ప్యాకేజీ తీసుకున్నవాళ్లు ఈ రోజే కంపెనీకి ఫోన్ చేసి పాలసీ మీ సొంత మెయిల్‌కు పంపమనండి. బ్రేక్‌డౌన్ ఎదురుగా అంకె ఉందా, గీత ఉందా చూడండి. గీత ఉంటే కలపమని రాసి ఇవ్వండి, ఎంత కట్టాలో వాళ్లే చెప్తారు.