గడువు చెప్పడానికి ఏది మేలు: దశల లెక్కా, పాత పనుల చిట్టానా?

ఒక పని ఎప్పటికి పూర్తవుతుందని ఎవరైనా అడిగితే చాలామంది చేసేది ఒకటే: పనిని దశలుగా విడగొట్టి, ఒక్కో దశకు పట్టే రోజులను కూడి చెబుతారు. కాస్త జాగ్రత్తపరులు, ఏవైనా ఇబ్బందులు వస్తే ఎంత ఆలస్యం అవుతుందో ఊహించి ఆ రోజులనూ కలుపుతారు. ఇలాంటి పనులు ఇదివరకు నిజంగా ఎన్నాళ్లు పట్టాయో తిరగేసి చూసేవారు తక్కువ. తేదీ ఖాయం చేయడానికి ఈ మూడో దారే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి రెండు దారులు ఎంత దూరం తప్పుతాయో చెప్పే అధ్యయనం ఒకటుంది. పరిశోధన వ్యాసాలు రాస్తున్న విద్యార్థులను బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు గడువు అడిగారు. ఫలితాలు 1994లో వెలువడ్డాయి. సగటున సుమారు 34 రోజులు పడుతుందని విద్యార్థులు చెప్పారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లని అడిగితే సుమారు 49 అన్నారు. తీరా సగటున 55 రోజులు దాటింది. అంటే వాళ్లు ఊహించగలిగిన గడ్డు పరిస్థితి కూడా వాస్తవం కంటే తేలికగానే ఉంది.

ఈ పొరపాటును డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే గుర్తించి పేరు పెట్టారు. తెలుగులో ప్రణాళికా భ్రమ అనవచ్చు. కానెమన్ స్వయంగా అందులో చిక్కుకున్నాడు కూడా. ఇజ్రాయెల్‌లో ఆయన బృందం హైస్కూలు పిల్లల కోసం నిర్ణయాలు తీసుకోవడంపై ఒక పాఠ్యక్రమం తయారుచేస్తోంది. ఇంకెంత కాలం పడుతుందో ఎవరికివారు కాగితం మీద రాయమంటే అందరూ రెండేళ్లకు అటూఇటూగా రాశారు. వారిలో ఒకరైన సీమోర్ ఫాక్స్ పాఠ్యక్రమాల రూపకల్పనలో అనుభవజ్ఞుడు. ఇలాంటి ఇతర బృందాల సంగతేమిటని కానెమన్ ఆయన్ను అడిగాడు. నలభై శాతం దాకా బృందాలు పని పూర్తిచేయనే లేదు, చేసినవాటికి ఏడు నుంచి పదేళ్లు పట్టిందన్నది ఆయన జవాబు. ఆ సమాచారం తెలిసిన మనిషి కూడా కాసేపటి ముందు తన కాగితం మీద రెండేళ్లకు దగ్గరగానే రాశాడు! బృందం పని ఆపలేదు. చివరికి ఎనిమిదేళ్లు పట్టింది.

తెలిసి కూడా ఎందుకు వాడుకోలేదు? పాత ఆలస్యాలకు ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంటుంది, ఆ కారణం మళ్లీ రాదని మనకు అనిపిస్తుంది. ఒక చిన్న ప్రచురణ సంస్థను ఊహించుకుందాం. రాతప్రతి అందాక టైపింగు, రెండు విడతల ప్రూఫులు, పేజీల అమరిక, ముఖచిత్రం, అన్నీ కలిపి 30 రోజుల్లో పుస్తకం అచ్చుకు సిద్ధమవుతుందని లెక్క. గత ఐదు పుస్తకాల చిట్టా తీస్తే అవే లెక్కతో మొదలై 42, 45, 48, 51, 75 రోజులు పట్టాయి. ఒకసారి రచయిత రెండో ప్రూఫులో ఒక అధ్యాయం తిరగరాశాడు. ఒకసారి ముఖచిత్రం నచ్చలేదు. 75 రోజులు పట్టినప్పుడు రచయిత జబ్బుపడి ప్రూఫులు ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఈసారి రచయిత ఆరోగ్యంగానే ఉండవచ్చు. కానీ ఏదో ఒకటి అడ్డుపడకుండా ఒక్క పుస్తకమూ వెళ్లలేదు. ఏది అడ్డొస్తుందో దశల లెక్క చెప్పలేదు, చిట్టాకు అది చెప్పాల్సిన అవసరమే లేదు.

ఇప్పుడు ఆరో పుస్తకానికి తేదీ చెప్పాలి. చిట్టాలో మధ్యనున్న 48 రోజులు చెబితే, దాటిపోవడానికి దాదాపు సగం అవకాశం ఉంటుంది. ఆవిష్కరణ సభకు హాలు మాట్లాడుకోవాలంటే అది చాలదు. ఐదింటిలో నాలుగు 51 రోజుల్లో ముగిశాయి కాబట్టి కనీసం అంత చెప్పాలి, తేదీ తప్పితే పెద్ద నష్టం ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ రోజులు చెప్పాలి. 75ను ‘ప్రత్యేక సందర్భం’ అని కొట్టేయకూడదు. ఈ పుస్తకం పాతవాటికంటే రెట్టింపు పెద్దదైతే రోజులకు బదులు నిష్పత్తి చూడాలి: 48ని 30తో భాగిస్తే 1.6. దశల లెక్క 60 రోజులంటే, మధ్యస్థ అంచనా 96.

దశల లెక్కను పారేయమని కాదు. ఎవరు ఎప్పుడు ఏం చేయాలో, ఏ పని ఆగితే మిగతావి ఆగుతాయో అదే చెబుతుంది. మరచిపోయిన చిన్న పనులను బయటపెడుతుంది కూడా. రోజువారీ పని నడపడానికి దానికి సాటి లేదు.

చిట్టా దారికీ హద్దులున్నాయి. ఐదు పనుల నుంచి తీసిన అంచనా మొరటుదే. అనువాదాల చిట్టాతో కవితా సంపుటి తేదీ చెబితే పొరపాటు జరగవచ్చు. సజావుగా ముగిసినవే గుర్తుంచుకుని, మధ్యలో ఆగిపోయిన పుస్తకాలను వదిలేస్తే చిట్టా కూడా అబద్ధమే చెబుతుంది. అందుకే జ్ఞాపకాన్ని నమ్మకుండా, పని మొదలైన రోజే ఆ తేదీనీ ఇచ్చిన గడువునూ రాసిపెట్టాలి, ముగిశాక అసలు తేదీని దాని పక్కనే వేయాలి. సొంత చిట్టా ఇంకా లేనివారు అదే పని చేసే మరొకరిని ‘ఎన్నాళ్లు పట్టవచ్చు?’ అని కాక, ‘మీ గత పుస్తకానికి ఎన్నాళ్లు పట్టింది?’ అని అడగాలి.