నీటి చక్రం కార్టూన్: నేరుగా వీడియో ప్రాంప్టా, ముందు బొమ్మలా... ఏది మేలు?

ఐదారేళ్ల పిల్లలకి నీటి చక్రం చెప్పే ఒక్క నిమిషం కార్టూన్ అనుకోండి. ఎనిమిది షాట్లు, ఒక్కోటి ఏడెనిమిది సెకన్లు, కథ నడిపేది ఒక నీటి చుక్క. ఏఐ వీడియో టూల్స్‌తో దీన్ని చెయ్యడానికి రెండు దారులున్నాయి. ప్రతి షాట్‌నీ మాటల్లో వర్ణించి నేరుగా వీడియో తీయించడం ఒకటి. ముందు స్టోరీబోర్డు బొమ్మలు చేసుకుని, నచ్చినవాటిని కదిలించడం ఇంకోటి. రెండూ చేసి చూశాను, నా ఓటు రెండోదానికే, కాకపోతే అన్ని షాట్లకీ కాదు.

నేరుగా మాటలతో వెళ్తే మొదట దెబ్బతినేది చుక్కే. ఒకటో షాట్‌లో బూరెబుగ్గల నీలం చుక్క, నాలుగో షాట్‌కి వచ్చేసరికి దానికి చేతులూ బూట్లూ వచ్చేశాయి, ప్రాంప్ట్‌లో వర్ణన మాత్రం అక్షరం మారలేదు. వేరే కథైతే సర్దుకోవచ్చేమో గానీ, ఇక్కడ పిల్లలకి చెప్పేదే “అదే నీరు మళ్లీ తిరిగొచ్చింది” అని. మొహం మారితే వాళ్లకి అది ఇంకో చుక్క, అంతే. బొమ్మల పద్ధతిలో చుక్కని ముందు నుంచి, పక్క నుంచి, నవ్వుతూ, భయపడుతూ ఒకే షీటు మీద గీయించుకుని, ప్రతి షాట్ బొమ్మకీ దాన్నే రిఫరెన్స్‌గా ఇస్తే ఈ బాధ చాలావరకు పోతుంది.

అసలు పరీక్ష మాత్రం ఆవిరి షాట్. “ఎండకి గుంటలో నీరు ఆవిరవుతోంది” అని రాస్తే టూల్ ఏం చేస్తుందంటే, గుంట మీద తెల్లటి పొగలు లేపి, ఒక్కోసారి నీళ్లని తెర్లించేస్తుంది కూడా. నీటి ఆవిరి కంటికి కనపడదు, మనకి తెల్లగా కనిపించేది అప్పటికే చల్లబడి సన్నటి చుక్కలైపోయిన నీరు. పైగా గుంట ఎండడానికి నీళ్లు మరగక్కర్లేదు, మామూలు ఎండ చాలు. ఆ వీడియో చూసిన పిల్లాడు గుంటలో చెయ్యి పెడితే కాలుతుందనుకుంటాడు. పోనీ “పొగ వద్దు” అని ప్రాంప్ట్‌లో కలిపితే, చాలాసార్లు ఆ మాటే పొగని తెచ్చిపెడుతుంది! వద్దన్నది రాయకుండా, కావలసింది మాత్రమే రాయాలి.

బొమ్మలతో అయితే ఇదే షాట్‌కి మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ మనమే ఇస్తాం (ఈ సౌకర్యం ఉన్న టూల్ చూసుకోండి). మొదటిదాంట్లో నిండు గుంట, అంచున కూర్చున్న చుక్క. చివరిదాంట్లో అదే నేల, సగమైన గుంట, పైన గాల్లో చుక్కల గీతతో ఒట్టి ఆకారం. ఇక ప్రాంప్ట్‌లో కదలిక ఒక్కటే చెప్పాలి:

```
Locked camera. The puddle slowly shrinks.
The drop fades to a dotted outline and
floats up. Clear air, calm water.
```

ఆ చుక్కల గీతే “ఉన్నాను గానీ కనపడను” అని పిల్లలకి గుర్తు. పైన చల్లటి గాలి తగిలాక నీలం రంగు తిరిగొస్తుంది, అక్కడ మబ్బు పుడుతుంది. మబ్బంటే ఆవిరి కాదు, చుక్కల గుంపు అన్న సంగతి వేరే డైలాగ్ లేకుండానే చెప్పేసినట్టు.

మబ్బులో చుక్కలు కలిసే షాట్‌లో మాత్రం రెండు దారులూ నన్ను ఏడిపించాయి. మబ్బులోని చుక్క అడ్డుకొలత సుమారు 0.02 మిల్లీమీటర్లు, వాన చుక్కది సుమారు 2. అడ్డుకొలతలో నూరు రెట్లు తేడా అంటే, ఒక్క వాన చుక్కకి దాదాపు పది లక్షల మబ్బు చుక్కల నీరు కావాలి. అందుకే మన చుక్క ఒంటరిగా కిందికి దూకేస్తే తప్పు, మిగతావాటిని కలుపుకుని బరువెక్కాలి. కానీ అన్నిటికీ మొహాలు పెడితే కలిసేటప్పుడు కళ్లూ నోళ్లూ కరిగి ముద్దై భయంకరంగా తయారవుతాయి. మన చుక్క ఒక్కదానికే మొహం ఉంచి, మిగతావి ఒట్టి పూసల్లా వదిలేశాక గానీ షాట్ కుదరలేదు.

మొహం లేని షాట్లకి, అంటే మబ్బు కదలడం, కొండ మీద వాన, వాగు పారడం లాంటివాటికి నేరుగా మాటల ప్రాంప్టే మేలు. వానని ముందు బొమ్మగా గీసి కదిలించబోతే ధారలు దారాల్లా గాల్లో వేలాడుతూ ఉండిపోయి, కెమెరా ఒక్కటే ముందుకి జరిగింది. అలా కనిపిస్తే బొమ్మ సరిచెయ్యడంతో టైమ్ వేస్ట్ చెయ్యకండి, దాన్ని పక్కన పెట్టేసి మాటల్లో రాసెయ్యండి.

ఎనిమిదో షాట్‌కి చివరి ఫ్రేమ్‌గా మొదటి షాట్ బొమ్మనే పెట్టాను: నిండు గుంట, అంచున అదే చుక్క. పక్కనే మొహంలేని చుక్కలు రెండు నేలలోకి ఇంకిపోతుంటాయి, ఒకటి వాగులోకి జారిపోతుంది, ఎందుకంటే నీరంతా బయల్దేరిన చోటికే రాదు కదా.