ఉప్పు, బొగ్గు పోసి బల్బు వెలిగించి చూపే ఎర్తింగ్ పనికి డబ్బు ఇవ్వకండి: హన్మకొండలో మాకు ఎదురైన అనుభవం

ఇల్లు కట్టించుకుంటున్నవారు, పాత ఇల్లు కొనుక్కుంటున్నవారు మాలాగా మోసపోకూడదని ఇది రాస్తున్నాను. గత ఆగస్టులో ఒక కాంట్రాక్టరు మా ఇంటి ఎర్తింగ్ గుంతను తవ్వి, అందులో రెండు బస్తాల దొడ్డుప్పు, రెండు బస్తాల కట్టె బొగ్గు పోసి, ఫేజుకు ఎర్త్ వైరుకు మధ్య వంద వాట్ల బల్బు కలిపి, అది దేదీప్యమానంగా వెలగడాన్ని చూపించి తొమ్మిది వేల రూపాయలు తీసుకున్నాడు. మే నెలలో కూలర్‌లో నీళ్లు పోస్తుండగా మా అమ్మకు షాక్ కొట్టింది. కూలర్ పాడైందనుకున్నాము కానీ, అదే సమయంలో ఫ్రిజ్ తలుపు పట్టుకున్నా చెయ్యి జివ్వుమంటోంది. కూలర్ ప్లగ్గు తీసేస్తే ఫ్రిజ్ కూడా మామూలుగానే ఉంటోంది. ఒక వస్తువులోని లీకేజీ మరో వస్తువు బాడీ మీద తెలుస్తోందంటే ఆ కరెంటు భూమిలోకి దిగలేక ఎర్త్ వైరు వెంట ఇల్లంతా తిరుగుతోందని అర్థమని మా బంధువైన ఎలక్ట్రీషియన్ బాబాయి చెప్పారు.

ఆయన మెయిన్ స్విచ్ ఆపించి, గుంత దగ్గర క్లాంపు నుంచి ఎర్త్ వైరు విడదీసి, ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే గుంత నిరోధం 46 ఓములు వచ్చింది. ఇంటికి అది 5 ఓముల లోపు ఉండడం మంచిది. మరి ఆ రోజు బల్బు ఎందుకు వెలిగిందని అడిగాను. వంద వాట్ల బల్బు నిరోధమే దాదాపు 529 ఓములు ఉంటుంది కనుక, దానికి 46 కలిపినా మొత్తం 575 ఓములే అవుతుంది, అప్పుడు 0.4 ఆంపియర్ల కరెంటు పారి బల్బుకు 212 వోల్టులు అందుతాయి. అంత వోల్టేజీతో వెలిగే బల్బును చూసి గుంత మంచిదో చెడ్డదో ఎవరూ చెప్పలేరు. అదే ఫేజు నేరుగా కూలర్ రేకుకు తగిలిందనుకుంటే, 46 ఓముల గుంత గుండా 5 ఆంపియర్లే పారుతాయి. కరెంటు మితిమీరితే సరఫరా ఆపేసే 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి పడిపోదు, రేకు మీద కరెంటు అలాగే నిలిచి ఉంటుంది.

గుంత తవ్వి చూస్తే ఉప్పు జాడ లేదు. ఉప్పు అసలు పనిచేయదని కాదు, తడి మట్టిలో కరిగి ఉన్నంతకాలం నిరోధాన్ని తగ్గిస్తుంది, కానీ మా వైపు చలక, మొరం నేలల్లో వానాకాలపు నీటితోపాటే కిందికి కొట్టుకుపోతుంది. పోయే ముందు జీఐ పైపును తినేస్తుంది కూడా, మా పైపు అడుగు లోతులోనే తుప్పుపట్టి పొరలుగా ఊడి వచ్చింది. ఇక బొగ్గు కరెంటును లాగుతుందన్న మాట వట్టిది, అది చేసేది తేమను పట్టి ఉంచడమే, ఎండిపోయిన బొగ్గు వల్ల లాభం లేదు. నిజానికి ఫలితాన్ని నిర్ణయించేది పైపు ఎంత లోతుకు దిగింది, దాని చుట్టూ ఎంత తేమ ఉంది అన్నవే. బిల్లులో రెండున్నర మీటర్ల పైపు అని రాసి ఉంది, బయటికి తీసింది నాలుగడుగులు.

బాబాయి మూడు మీటర్ల 40 మిల్లీమీటర్ల జీఐ పైపులు రెండింటిని, వాటి పొడవుకు తక్కువ కాని ఎడంతో దింపించి, చుట్టూ తేమను పట్టి ఉంచే బెంటోనైట్ మట్టిని నీటితో కలిపి పోయించి, రెండింటినీ జీఐ పట్టీతో కలిపారు. విడివిడిగా తొమ్మిదేసి ఓములు, కలిపితే 5 వచ్చింది. ఐదు ఓములైనా 46 ఆంపియర్లే పారుతాయి కాబట్టి ఎంసీబీ పడడానికి ఆలస్యం కావచ్చని చెప్పి, కొద్దిపాటి లీకేజీనైనా పసిగట్టి సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించారు. పాత కూలర్ ప్లగ్గు పెట్టగానే అది టక్కున పడిపోయింది. కూలర్‌లోని నీళ్ల పంపు వైండింగ్ దెబ్బతిన్నదని అప్పుడు తేలింది.

ఏటా ఉప్పు మార్చే కాంట్రాక్టు ఇప్పుడు మాకు లేదు. వేసవిలో వారానికి రెండు బకెట్ల నీళ్లు పోస్తాము, ఏసీ నీళ్ల గొట్టాన్ని కూడా గుంతవైపు మళ్లించాము. ఏడాదికోసారి మూత తెరిచి క్లాంపు బోల్టు బిగుతుగా ఉందో, తుప్పు పట్టిందో చూస్తాము.

పరీక్ష మాత్రం మే నెలలో, నేల బాగా ఎండి ఉన్నప్పుడు, నీళ్లు పోయకముందే చేయించండి. ఆగస్టులో వచ్చే అంకె తడి నేల ఇచ్చే అంకె, వేసవిలో అది అలా ఉండదు. టెస్టర్ చువ్వల్లో ఒకటి గుంతకు 25 మీటర్ల దూరంలో, రెండోది అదే వరుసలో దాదాపు 15 మీటర్ల దగ్గర దిగాలి. నడుమ చువ్వను అటూ ఇటూ రెండేసి మీటర్లు జరిపినా అంకె పెద్దగా మారకపోతేనే దాన్ని నమ్మాలి. ఇరుకు గల్లీలో చువ్వలు దగ్గర దగ్గరగా పాతి చూపించిన అంకెను ఒప్పుకోకండి. పైపును గుంతలో దింపకముందే మీ టేపుతో మీరే కొలుచుకోండి, మట్టి కప్పిన తరువాత దాని పొడవు బిల్లులోనే మిగులుతుంది.