ఇన్‌స్టలేషన్ ప్రదర్శనకు సమీక్ష: ముందు వర్ణనా, ముందు తీర్పా?

విజయనగరంలో మా కళాశాల విద్యార్థి పత్రికకు వచ్చే రచనలను కొన్నేళ్లుగా నేను సరిచూస్తున్నాను. ఇన్‌స్టలేషన్, అంటే ఒక చోటునంతా కళాకృతిగా మార్చే ప్రదర్శన, చూసి వచ్చి సమీక్ష రాయడానికి కూర్చున్న ప్రతి విద్యార్థీ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: చూసినదంతా ముందు చెప్పి, అభిప్రాయం చివర చెప్పాలా, లేక అభిప్రాయంతో మొదలుపెట్టి, అందుకు కావలసినంతే వర్ణించాలా? పత్రికలో మాకున్న చోటు 600 పదాలు. ఈ శీతాకాలం ఒకే ప్రదర్శన మీద ఇద్దరు విద్యార్థులు ఈ రెండు పద్ధతుల్లోనూ రాసి తెచ్చారు గనుక, ఆ రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి నా జవాబు చెబుతాను.

ప్రదర్శన మా ప్రాంతపు జనపనార మిల్లుల గురించినది. వాడకంలో లేని ఒక గోదామును మూడు భాగాలు చేసి, ఒక యువ కళాకారిణి ఏర్పాటు చేసింది. మొదటి భాగంలో పైకప్పు నుంచి నేల దాకా గోనె సంచులు వేలాడదీసింది. వాటి మధ్య దారి ఎంత ఇరుకంటే, మనిషి ఒక పక్కకు తిరిగితే తప్ప నడవలేడు; బయటికి వచ్చేసరికి భుజాల మీద నారపీచు అంటుకుని ఉంటుంది. రెండో భాగంలో నీళ్లు నింపిన తొట్లలో గోగు కట్టలు ఊరుతున్నాయి. మూడో భాగంలో ఒక తెర మీద మాజీ కార్మికుల ముఖాలు, స్పీకర్లలో మగ్గాల మోత, పక్క గోడ మీద ఈ ప్రదర్శన ఉద్దేశాన్ని వివరించే పొడవైన రాత ఉన్నాయి.

మొదటి పద్ధతి తరగతి గదిలో నేర్పేదే. ఎడ్మండ్ బర్క్ ఫెల్డ్‌మన్ అనే అమెరికా ఆచార్యుడు ప్రచారంలోకి తెచ్చిన నాలుగు మెట్లు చాలామందికి తెలుసు: వర్ణన, విశ్లేషణ, వ్యాఖ్యానం, చివరికి తీర్పు. చూడకముందే తీర్పు చెప్పే తొందరను ఈ క్రమం ఆపుతుంది కాబట్టి, ప్రదర్శనలో నిలబడి చూసేటప్పుడు దీనికి మించిన క్రమం లేదని నేనూ నమ్ముతాను. చిక్కల్లా, చూసే క్రమాన్నే రాసే క్రమంగా వాడుకోవడంతో వస్తుంది. మొదటి విద్యార్థి ప్రతిలో 400 పదాలకు పైగా వర్ణన ఉంది. సంచులు ఎన్ని, తొట్లు ఎన్ని, తెర ఎంత వెడల్పు అన్నవన్నీ ఉన్నాయి. తర్వాత కళాకారిణి చదువు, ప్రదర్శనను రూపొందించే క్యూరేటర్ దాని గురించి రాసిన నోట్ నుంచి తీసుకున్న రెండు వాక్యాలు. మిగిలిన చోటులో ‘మొత్తం మీద ఈ ప్రదర్శన మనల్ని ఆలోచింపజేస్తుంది’ అన్న తీర్పు. అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆ చివరి వాక్యాన్ని తీసి వేరే ఏ ప్రదర్శన సమీక్షకు తగిలించినా అతుకుతుంది; పైనున్న 400 పదాల్లో ఏ ఒక్కటీ దానికి ఆధారంగా నిలబడదు.

దీనికి కారణం విద్యార్థి సోమరితనం కాదు, ఇన్‌స్టలేషన్ స్వభావం. బొమ్మకైతే అంచులుంటాయి, వర్ణన ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఇన్‌స్టలేషన్‌లో గది, వెలుతురు, వాసన, చప్పుడు, మనం నడిచే దారి, అక్కడ గడిపే సమయం, పక్కన ఉన్న మనుషులు అన్నీ ఆ పనిలో, అంటే కళాకృతిలో భాగమే. ఏది ముఖ్యమో ముందే తేల్చుకోకుండా వర్ణన మొదలుపెట్టినవాడు కంటికి తేలిగ్గా దొరికేవాటిని, అంటే లెక్కపెట్టగలిగే వస్తువులను రాసుకుంటూ పోతాడు. మొదటి ప్రతిలో తొట్ల సంఖ్య ఉంది, వాసన లేదు. గోగు కట్టలు చెరువులో రోజుల తరబడి ఊరవేసినప్పుడు వచ్చే కంపు ఈ జిల్లాలో పల్లె ఎరిగిన ఎవరికైనా తెలుసు. మూసిన గోదాములో అది ముందు గొంతుకు తగిలి, ఆ తర్వాతే తొట్లు కనిపించేవి. ఆ భాగంలో జరిగిన పనంతా ఆ వాసనలోనే ఉంది.

రెండో పద్ధతిలో రాసిన విద్యార్థిని మొదటి పేరాలోనే తన మాట చెప్పేసింది: ఈ ప్రదర్శనలో మొదటి రెండు భాగాలు మిల్లు బతుకును మన ఒంటికి తెలిసేలా చేస్తాయి, మూడో భాగం అదే సంగతిని మళ్లీ మాటల్లో చెప్పి, అప్పటిదాకా పట్టి ఉంచిన బిగువును సడలిస్తుంది. అక్కడి నుంచి ఆమె వర్ణించినదంతా ఈ మాటకు సాక్ష్యమే. పక్కకు తిరిగి నడవడం, భుజాల మీది పీచు, తొట్ల దగ్గర ముక్కు మూసుకుని కూడా వెనుదిరగని జనం, మూడో గదికి వచ్చేసరికి తెరను వదిలి గోడ మీది రాత చదవడానికి వరుసగా నిలబడిన అదే జనం. సంచుల లెక్క ఎక్కడా లేదు, దాని అవసరమూ కనిపించలేదు.

ఈ రెండింటిలో ఏది మేలని తేల్చడానికి నాకు ఒకే ఒక్క గీటురాయి ఉంది: సమీక్షకుడి వర్ణననే ఆధారం చేసుకుని పాఠకుడు ఆ సమీక్షకుడితో విభేదించగలడా? సినిమా సమీక్ష తప్పనిపిస్తే పాఠకుడు వెళ్లి సినిమా చూసుకుంటాడు. ఇన్‌స్టలేషన్‌ను గడువు కాగానే విప్పేస్తారు. మా పత్రిక అచ్చయ్యేసరికి ఆ గోదాము ఖాళీ అయింది. శ్రీకాకుళం నుంచో పార్వతీపురం నుంచో రాలేకపోయిన పాఠకుడికి ఇక మిగిలేది ఈ 600 పదాలే. అందుకని తీర్పుకు పునాది అయిన వివరం అతని చేతికి అందాలి. ‘గోడ మీది రాత బిగువును సడలించింది’ అన్న వాక్యం పక్కనే ‘జనం తెరను వదిలి రాత ముందు వరుస కట్టారు’ అన్న వివరం ఉంటే, పాఠకుడు ‘అది సడలడం ఎలా అవుతుంది, ఆసక్తి కూడా కావచ్చు కదా’ అని వాదించగలడు. ఆ వాదనకు చోటిచ్చిన సమీక్షే నిజాయితీ గల సమీక్ష అని నా అభిప్రాయం. ‘ఆలోచింపజేస్తుంది’ అన్నదానితో ఎవరూ విభేదించలేరు, ఎందుకంటే అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు.

కాబట్టి నా మొగ్గు రెండో పద్ధతికే. అయితే దానికీ ఒక జబ్బుంది, అది మొదటిదాని జబ్బు కంటే ప్రమాదకరమైనది. తీర్పు ముందే చెప్పేశాక, దానికి సరిపడని వివరాలను కలం తనంతట తానే దాటేస్తుంది. ఈ విద్యార్థిని విషయంలోనూ అదే జరిగింది. మాటల్లో మాటగా తెలిసిందేమిటంటే, మూడో గదిలో ఒక పెద్దాయన గోడ వైపు కన్నెత్తి చూడకుండా తెర ముందు చాలాసేపు నిలబడ్డాడట. ఆమె పలకరిస్తే, ‘ఇదే చప్పుడు అమ్మా. పగలంతా ఇదే, రాత్రి పడుకున్నా చెవుల్లో ఇదే’ అన్నాడట. తన వాదానికి ఎదురు వస్తుందని ఆమె దాన్ని రాయలేదు. నేను రాయమన్నాను. ఈ పద్ధతిలో రాసేవారికి నేను పెట్టే షరతు ఇదొక్కటే: మీ తీర్పుకు అడ్డు వచ్చే వివరాల్లో అన్నిటికంటే బలమైనది ఒకటి సమీక్షలో తప్పక ఉండాలి.

ఆ వివరం చేరాక ఆమె తీర్పు కూడా మారింది, మెత్తబడలేదు గాని మరింత కచ్చితమైంది. సడలింపుకు కారణం మూడో గది మొత్తం కాదు, గోడ మీది రాత మాత్రమే అని తేలింది. మగ్గాల మోత తన పని తాను చేసింది.

గోడ మీద రాత ఉంటేనే తప్పు అన్న సూత్రం ఇందులోంచి తీయకూడదు. కొచ్చిలో రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన కొచ్చి-ముజిరిస్ బినాలేలో, 2016లో, చిలీ కవి రౌల్ జురీటా ఒక పాత గోదామును సముద్రపు నీటితో నింపాడు. మధ్యధరా సముద్రంలో మునిగిపోయిన సిరియా పిల్లవాడు గాలిప్ కుర్దీకి అంకితమిచ్చిన పని అది. చెప్పులు విడిచి, నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ దాటితే తప్ప అవతలి గోడ మీది కవిత చదవడానికి అందదు. అక్కడ రాత పనికి వెలుపల నిలబడి దాన్ని వివరించదు; నీటిలో నడవడమూ చదవడమూ ఒకటే అవుతాయి. ‘నీళ్లున్న గది, గోడల మీద కవిత్వం’ అని జాబితా వేస్తే ఈ తేడా కనిపించదు. మా గోదాములో రాతకూ అక్కడి రాతకూ ఉన్న భేదం చెప్పడానికి పాఠకుడి కాళ్లు ఎక్కడున్నాయో చెప్పాలి.

రెండు పద్ధతుల్లో దేనికైనా వర్తించే ఒక జాగ్రత్త ఉంది: ఏ రోజు చూశారో రాయండి. 2010 అక్టోబరులో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో చైనా కళాకారుడు ఐ వేవే పది కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలను నేల మీద పరిచినప్పుడు, జనం వాటి మీద నడవవచ్చు, చేతుల్లోకి తీసుకోవచ్చు. గింజల రాపిడికి లేస్తున్న దుమ్ము ఆరోగ్యానికి హాని అని కొద్ది రోజుల్లోనే నడవడం ఆపించారు. మొదటి రోజు చూసినవారు నడిచిన పనిని, రెండో వారం చూసినవారు దూరం నుంచి చూసిన పనిని సమీక్షించారు. రెండూ ఒకటి కావు. మా గోదాములోనూ అంతే. గోగు మొదటి రోజు అంత కంపు కొట్టలేదు, ఐదో రోజుకు గది గుమ్మం దగ్గరే తెలిసింది.

ఇక మిగతా దారులు. కళాకారుడి ఇంటర్వ్యూనే సమీక్షగా వేయడం వేరే ప్రక్రియ, దానికి వేరే పేజీ ఉంది. నక్షత్రాలు ఇవ్వడం మా పత్రికలో లేదు. క్యూరేటర్ నోట్‌ను తిరగరాసి ఇచ్చేవారు ఉన్నారు. నోట్‌ను ప్రదర్శన చూశాకే చదవండి, చదివినా ఉటంకించకండి.

రాసే ముందు చూడటం గురించి రెండు మాటలు. మొదటిసారి పుస్తకం, ఫోను బయటికి తీయకుండా ఒక చుట్టు తిరగండి. బయటికి వచ్చి, గోడవారన నిలబడి, గుర్తున్నవాటినే రాసుకోండి. సమీక్షకు కావలసిన వివరాల్లో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. రెండోసారి పుస్తకంతో వెళ్లి, గుర్తుండనివి ఎందుకు గుర్తుండలేదో చూడండి. గోనె సంచుల సంఖ్య గుర్తుండకపోవడం సహజం. మూడో గదిలో గోడ మీద ఏం రాసి ఉందో, అంత వరుస కట్టి చదివిన ఒక్కరికీ గుర్తులేకపోవడం మాత్రం రాయదగ్గ విషయం. మా విద్యార్థిని దానిని రెండో రాకలోనే గమనించింది.

చివరి ప్రతిలో తీర్పు మొదటి పేరాలో, సాక్ష్యం తర్వాతి మూడు పేరాల్లో వచ్చాయి. పెద్దాయన మాటను ఎక్కడ పెట్టాలన్న దాని మీద మా ఇద్దరికీ కొంత వాదన జరిగింది. అది చివర ఉంటే పాఠకుడి కంట తడి పెట్టించి సమీక్షను ముగించినట్టు అవుతుందని ఆమె అంది. నాకూ అది సరైనదే అనిపించింది. దాన్ని గోడ మీది రాత గురించిన వాక్యానికి సరిగ్గా ముందు పెట్టి, అచ్చుకు పంపాం.