మూడు గడుల ఖాతా, ఒకే అద్దె: విభాగాల వారీ లెక్కలను చాలాకాలం వాడాక

కావలి ట్రంకు రోడ్డు మీద ఉన్న ఒక రెండంతస్తుల దుకాణానికి నేను పద్దులు రాస్తాను. కింద బట్టలు, చెప్పులు ఉంటాయి. పైన స్టీలు, ఇత్తడి సామాన్లు, వాటి పక్కనే ఉదయగిరి చెక్క గరిటెలు అమ్ముతారు. ముగ్గురు అన్నదమ్ములు తలా ఒక విభాగం చూసుకుంటారు. ఎవరి విభాగానికి లాభం వస్తే అందులో వారికి కొంత శాతం అదనంగా ముడుతుంది. దుకాణం మొత్తానికి ఒకే లాభనష్టాల ఖాతా రాసే పద్ధతి మాని, విభాగానికి ఒక గడి చొప్పున రాయడం మొదలుపెట్టి చాలా సంవత్సరాలైంది. స్థూల లాభం వరకు ఈ పద్ధతికి వంక పెట్టలేను. అక్కడి నుంచి కిందికి దిగితే, గడిలోని అంకె ఎంత నిజమన్నది ఉమ్మడి ఖర్చులను పంచిన తీరు మీద ఆధారపడి ఉంటుంది. వాటిలో అన్నింటికన్నా పెద్దది, అన్నింటికన్నా ఎక్కువ గొడవ తెచ్చేది అద్దె.

మిగిలిన ఖర్చులు అంత ఇబ్బంది పెట్టవు. చెప్పుల దగ్గర నిలబడే కుర్రవాడి జీతం చెప్పులకే పడుతుంది. సరుకు తెచ్చిన లారీ కిరాయిని కొనుగోళ్లను బట్టి, బీమాను సరుకు విలువను బట్టి పంచుతాను. బ్యాంకు అప్పు మీద వడ్డీ, ఆడిట్ ఫీజు వంటివి అసలు పంచను. వాటికి ఏ విభాగమూ కారణం కాదు కాబట్టి దుకాణం ఉమ్మడి ఖాతాలోనే ఉంచేస్తాను. ఏదో ఒక కొలత పట్టుకుని వాటినీ మూడు ముక్కలు చేసేవారు ఉన్నారు. దానివల్ల కాగితం నిండుతుందే తప్ప తెలిసేది ఏమీ ఉండదు.

అద్దె విషయానికి వద్దాం. లెక్క తేలికగా ఉండేందుకు అంకెలను గుండ్రం చేసి చెబుతాను. నెలకు అద్దె 90,000 రూపాయలు. దాని మీద కట్టే 18 శాతం జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటాం కాబట్టి ఆ పన్నును ఖర్చులో కలపము. బట్టలకు 1,000 చదరపు అడుగులు, చెప్పులకు 500, పైన సామాన్లకు 1,500. మొత్తం 3,000. పాఠ్యపుస్తకాల్లో చెప్పినట్టు విస్తీర్ణం ప్రకారం పంచితే అడుగుకు 30 రూపాయలు. బట్టలకు 30,000, చెప్పులకు 15,000, సామాన్లకు 45,000 పడతాయి.

ఇప్పుడు సామాన్ల గడి చూడండి. స్థూల లాభం 85,000. అక్కడి పనివారి జీతాలు 24,000, ఆ అంతస్తుకు విడిగా ఉన్న మీటరు ప్రకారం కరెంటు 6,000, క్యాషియరు, కాపలా, ప్రకటనల వంటి ఉమ్మడి ఖర్చుల వాటా 15,000. వీటికి అద్దె 45,000 కలిపితే 90,000. అంటే నెలకు 5,000 నష్టం.

ఈ కాగితం చూసి పెద్దాయన, “పైన మూసేసి బట్టలు పెంచుదాం” అన్నారు. చిన్నాయన ఊరుకోలేదు. “అన్నా, మెట్లెక్కి వచ్చేవాడి కోసం నేను ఎదురుచూస్తుంటాను. నీకు రోడ్డు మీద పోయేవాడే లోపలికి వస్తాడు. ఇద్దరికీ అడుగుకు ఒకే అద్దె వేస్తే ఎట్లా?” అని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఇంటి యజమాని మొత్తానికి కలిపి ఒకే అద్దె రాయించుకున్నా, బజారులో కింది అడుగు విలువ వేరు, పై అడుగు విలువ వేరు. అదే వీధిలో పై అంతస్తులు ఎంతకు వెళుతున్నాయో విచారిస్తే, దాదాపు సగానికి అని తేలింది.

అప్పటి నుంచి కింది అడుగును రెండుగా, పై అడుగును ఒకటిగా లెక్కిస్తున్నాను. బట్టలు 2,000, చెప్పులు 1,000, సామాన్లు 1,500. మొత్తం 4,500 భాగాలు, భాగానికి 20 రూపాయలు. బట్టలకు 40,000, చెప్పులకు 20,000, సామాన్లకు 30,000. దుకాణం కట్టే అద్దె ఒక్క రూపాయి కూడా మారలేదు. కానీ సామాన్ల నష్టం 5,000 పోయి 10,000 లాభం కనిపించింది.

అయితే మూసేయాలా వద్దా అన్న ప్రశ్నకు ఈ రెండు పంపకాల్లో ఏదీ జవాబు చెప్పదు. పై అంతస్తు ఖాళీ చేసినా మొత్తం భవనానికి రాసుకున్న అద్దె తగ్గదు, క్యాషియరు జీతమూ తగ్గదు. తగ్గేవి పనివారి జీతాలు, ఆ మీటరు కరెంటు మాత్రమే. 85,000లోంచి ఆ 30,000 తీసేస్తే 55,000 మిగులుతుంది. మూసిన నెల నుంచి దుకాణం మొత్తం లాభంలో కోత పడేది ఈ 55,000. ఆ స్థలంలో పెంచిన బట్టలు తమ సొంత ఖర్చులు పోను అంతకన్నా ఎక్కువ తెస్తేనే మార్పుకు అర్థం ఉంది. అందుకే నేను ప్రతి గడిలోనూ సొంత ఖర్చులు తీసేశాక ఒక గీత గీసి మొత్తం చూపిస్తాను. అద్దె, ఉమ్మడి ఖర్చులు ఆ గీత కిందే వస్తాయి. కొత్తగా ఈ ఖాతా మొదలుపెట్టేవారు మిగతాదంతా మరిచినా ఆ గీతను మరవకూడదు.

అద్దెను అమ్మకాల ప్రకారం పంచమని సలహా ఇచ్చేవారు ఎక్కడైనా దొరుకుతారు. కొలతలు అక్కరలేదు, బిల్లుల మొత్తం చాలు కదా అంటారు. దసరా నెలలో బట్టల అమ్మకం రెట్టింపైతే సామాన్ల అద్దె దానంతట అది తగ్గిపోతుంది. సంక్రాంతి దాటాక బట్టలు మందగిస్తే సామాన్ల అద్దె మళ్లీ పెరుగుతుంది. పైన ఒక్క అలమర కూడా కదలకుండానే ఇదంతా జరుగుతుంది. బాగా అమ్మినవాడికి జరిమానా పడే ఈ పంపకం ఎవరి జేబుకైనా ముడిపడి ఉన్న చోట నిలవదు. మీ ఖాతాలో ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే వరుసగా రెండు నెలల అద్దె గడులు పక్కపక్కన పెట్టి చూడండి. స్థలం మారకుండా అంకె మారితే కొలత తప్పినట్టే.

స్థలం నిజంగా మారే సందర్భాలూ ఉంటాయి. పండగకు బట్టలవారు చెప్పుల వైపు 200 అడుగులు ఆక్రమిస్తారు. ఆ రోజు తేదీ వేసి పుస్తకంలో రాసుకుంటాను, ఆ నెల వరకు భాగాలు మారుస్తాను. ఇంటి యజమాని స్థలాన్ని అంకణాల్లో చెబుతారు, నేను టేపుతో అడుగుల్లో కొలుస్తాను. సరుకు పెట్టిన చోటే కాక కొనేవారు నిలబడే చోటు కూడా ఆ విభాగానిదే.

కంప్యూటర్‌లో పని తక్కువే. ట్యాలీలో మూడు విభాగాలకు మూడు కాస్ట్ సెంటర్లు పెట్టి శాతాలు ఇస్తే, అద్దె పద్దు పడినప్పుడల్లా అదే పంచేస్తుంది. 44.44, 22.22, 33.33 అని ఇస్తే కలిపినప్పుడు 99.99 వస్తుంది. ఆ మిగిలిన 0.01 బట్టలకు కలిపి 44.45 చేసేశాను. అద్దె ఏటా పెరిగినా శాతాలు ముట్టుకోనక్కరలేదు.

తేలనిది మెట్ల సంగతి. అవి కింది అంతస్తులో రోడ్డు వైపు మంచి చోటును తింటున్నాయి, వాడుకునేది పైవారు. వాటిని సామాన్లకు వేయాలని పెద్దాయన, మెట్ల పక్క గోడకు తగిలించిన చీరలు ఎవరివని చిన్నాయన. ప్రస్తుతానికి ఆ చోటును ఎవరికీ కొలవకుండా వదిలేశాను, కాబట్టి దాని అద్దె అందరి మీదా వారి వారి భాగాల ప్రకారం పడుతోంది.