లింక్-స్టేట్ మేలా, పాత్-వెక్టర్ మేలా? ముందు రౌటర్లు ఎవరివో చూడండి

నెట్‌వర్కింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు తరచూ వచ్చే అనుమానం ఒకటుంది. రౌటర్లు దారులు తెలుసుకోవడానికి వాడే ప్రోటోకాల్స్ ఓఎస్పీఎఫ్, బీజీపీ. లింకు తెగితే ఓఎస్పీఎఫ్ చకచకా వేరే దారి వెతుక్కుంటుంది, బీజీపీ నిదానంగా కదులుతుంది. మరి ఇంటర్నెట్ మొత్తానికీ ఓఎస్పీఎఫ్ పెట్టేస్తే పోలేదా? పోదు. ఎందుకో ఒక చిన్న ఆఫీసును పట్టుకుని చూద్దాం.

ఎ, బి, సి అని మూడు రౌటర్లు. ఎ-బి మధ్య పాత 100 ఎంబీపీఎస్ లింకు. ఎ-సి, సి-బి మధ్య కొత్తగా వేసిన 1 జీబీపీఎస్ ఫైబర్. ఓఎస్పీఎఫ్ లింక్-స్టేట్ రకం. అంటే ప్రతి రౌటరూ తనకున్న లింకులేంటో, ఒక్కోదాని కాస్ట్ ఎంతో చీటీ రాసి వదులుతుంది. పక్క రౌటర్లు ఆ చీటీని ఏమీ మార్చకుండా ముందుకు పంపుతాయి. కాసేపటికి అందరి దగ్గరా ఒకటే మ్యాపు ఉంటుంది. దాని మీద ఎవరికివారు డైక్‌స్ట్రా లెక్క వేసుకుని తక్కువ కాస్ట్ దారి ఎంచుకుంటారు.

ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. సిస్కో రౌటర్లలో మామూలుగా 100 ఎంబీపీఎస్‌ను లింకు వేగంతో భాగిస్తే కాస్ట్ వస్తుంది, 1 కంటే తగ్గదు. కాబట్టి పాత లింకుకీ 1, ఫైబర్‌కీ 1. ఎ నుంచి బికి నేరుగా 1, సి మీదుగా 2. ఫైబర్ ఖాళీగా ఉంటుంది, ట్రాఫిక్ అంతా పాత లింకులోనే ఇరుక్కుంటుంది. దీనికి మందు, లెక్కలో ఆ 100 బదులు 10000 పెట్టడం:

```
router ospf 1
 auto-cost reference-bandwidth 10000
```

ఇప్పుడు పాత లింకు 100, ఫైబర్ ఒక్కోటి 10, సి మీదుగా మొత్తం 20. ఇది మూడు రౌటర్లలోనూ పెట్టాలి. ఒక్క ఎలోనే పెట్టి వదిలేస్తే ఎ నుంచి వెళ్లేది ఫైబర్‌లో వెళ్తుంది, బి నుంచి తిరిగొచ్చేది పాత లింకులోనే వస్తుంది.

మ్యాపు ఒకటే అయినప్పుడు సొంత తెలివికి చోటుండదు. సి దగ్గర ఎవరో ‘బి నెట్‌వర్కుకి ఎ మీదుగా వెళ్లు’ అని స్టాటిక్ రూట్ రాశారనుకోండి. ఎ ఏమో మ్యాపు చూసి సికి పంపుతుంది, సి మళ్లీ ఎకి పంపుతుంది. ఒక్కో రౌటర్ దాటేకొద్దీ తగ్గే టీటీఎల్ లెక్క అయిపోయేదాకా ప్యాకెట్ అలా తిరుగుతూనే ఉంటుంది. ట్రేస్‌రూట్ కొడితే అవే రెండు అడ్రస్‌లు మార్చి మార్చి కనిపిస్తాయి.

రౌటర్లన్నీ ఒక యజమానివైతే ఈ క్రమశిక్షణ సాధ్యమే. కానీ ఇద్దరు ఐఎస్పీలు తమ లోపలి మ్యాపు ఒకరికొకరు ఇచ్చుకోరు. ఇచ్చుకున్నా కాస్ట్‌కి ఇద్దరి అర్థం ఒకటి కాదు. అందుకే వాళ్ల మధ్య పాత్-వెక్టర్, అంటే బీజీపీ. ఇందులో మ్యాపు ఉండదు. ‘ఈ నెట్‌వర్కుకి నా మీదుగా వెళ్లొచ్చు, మధ్యలో తగిలే సంస్థలు ఇవి’ అని ఒక్కో సంస్థ నెట్‌వర్కును గుర్తించే ఏఎస్ నంబర్ల వరుస మాత్రం చెబుతారు. ఆ వరుసలో తన నంబరే కనిపిస్తే రౌటర్ ఆ దారిని పక్కన పడేస్తుంది. సంస్థల మధ్య లూప్ అక్కడే ఆగిపోతుంది.

మన ఆఫీసు నంబరు 64500 అనుకుందాం. ఒక గమ్యానికి రెండు దారులొచ్చాయి:

```
64501 64510
64502 64505 64510
```

చూడటానికి మొదటిది దగ్గర. కానీ 64501 వాడి బిల్లు ఎక్కువ. రెండో ఐఎస్పీ నుంచి వచ్చిన దారులకు లోకల్ ప్రిఫరెన్స్ 200 ఇస్తే చాలు (మామూలుగా 100 ఉంటుంది). వరుస పొడవు చూసేకన్నా ముందే బీజీపీ దీన్ని చూస్తుంది కాబట్టి బయటికెళ్లే ట్రాఫిక్ రెండో దారి పడుతుంది. నన్నడిగితే బీజీపీ అసలు బలం ఇదే. అన్నట్టు, పొట్టి వరుస అంటే వేగమైన దారి అనుకోవద్దు. ఒక్క నంబరు వెనక ఖండాలు దాటే నెట్‌వర్క్ ఉండొచ్చు.

ఒకే ఐఎస్పీ, ఒకే రౌటర్ ఉంటే ఈ రెండూ వద్దు, డిఫాల్ట్ రూట్ చాలు. లోపల రౌటర్లు పెరిగి ప్రత్యామ్నాయ లింకులుంటే ఓఎస్పీఎఫ్ పెట్టండి. రెండు ఐఎస్పీలు, సొంత ఐపీ బ్లాకు, ఏఎస్ నంబరు (మన దేశంలో ఐఆర్ఐఎన్ఎన్ ఇస్తుంది) ఉంటే అంచున బీజీపీ పెట్టండి.

అప్పుడు లోపల ఓఎస్పీఎఫ్ తీసేయొద్దు. అంచున ఉన్న ఎ తన ఐఎస్పీ దగ్గర నేర్చుకున్న దారిని బీజీపీలోనే సికి చెబుతుంది, కానీ ప్యాకెట్‌ను తర్వాత ఎవరికివ్వాలో చెప్పే నెక్స్ట్ హాప్‌గా ఐఎస్పీ అడ్రస్‌నే ఉంచుతుంది. ఆ అడ్రస్ ఎక్కడుందో ఓఎస్పీఎఫ్‌కి తెలియకపోతే సి దగ్గర దారి కనిపిస్తుంది గానీ పనిచేయదు. `show ip bgp`లో ఆ దారి పక్కన, ఎంపికైన దారిని చూపే `>` గుర్తు ఉండదు. ఎలో సి వైపు ఉన్న నైబర్‌కి `next-hop-self` పెట్టండి. నెక్స్ట్ హాప్ ఎ సొంత అడ్రస్ అవుతుంది, దాని దారి ఓఎస్పీఎఫ్‌కి ఎలాగూ తెలుసు, `>` వచ్చేస్తుంది.